బైనరీ సెర్చ్‌ని నంబర్ కనిపెట్టే ఆటలా నేర్చుకోవడం ఎలా, లిస్ట్ ముందే సార్ట్ అయి ఎందుకుండాలి

కోడ్ జోలికి తర్వాత వెళ్దాం, ముందు ఆట ఆడదాం. పక్కన ఎవరైనా ఉంటే 1 నుంచి 100 లోపు ఒక నంబర్ మనసులో అనుకోమనండి. మీరు ఒక నంబర్ చెప్తారు, వాళ్లు మూడే మూడు మాటల్లో ఒకటి చెప్పాలి: "అదే", "ఇంకా పెద్దది", "ఇంకా చిన్నది". అంతకుమించి క్లూ ఏమీ ఇవ్వకూడదు. ఎన్ని గెస్‌ల్లో పట్టుకుంటారు అనేదే ఆట.

చాలామంది మొదటిసారి ఏదో ఒక ఇష్టమైన నంబర్ చెప్తారు, 7 అనో 90 అనో. 90 అన్నారనుకోండి, అవతలి వాళ్లు "ఇంకా చిన్నది" అంటే మీ చేతికొచ్చిందేంటి? 1 నుంచి 89 దాకా ఇంకా 89 నంబర్లు మిగిలే ఉన్నాయి, అంటే ఒక గెస్ ఖర్చు పెట్టి 11 నంబర్లు మాత్రమే కొట్టేశారు. అదృష్టం బాగుండి "పెద్దది" అంటే పదే మిగులుతాయి కరెక్టే, కానీ అలా జరిగే ఛాన్స్ 100లో 10 మాత్రమే. దానికి బదులు 50 అనండి. "పెద్దది" అన్నా "చిన్నది" అన్నా మీకు మిగిలేవి 50 లేదా 49. అంటే అవతలి వాళ్లు ఏం చెప్పినా దాదాపు సగం పోతాయి. అదృష్టంతో పని లేకుండా ప్రతిసారీ సగం పోవాలి, కిటుకు అంతే. బైనరీ సెర్చ్ అంటే ఇదే.

ఒక ఆట మొత్తం చూద్దాం. అవతలి వాళ్లు అనుకున్నది 73, మీకు తెలీదు. మీరు 50 అన్నారు, "పెద్దది" అన్నారు, సో ఇప్పుడు 51 నుంచి 100, 50 నంబర్లు. మధ్యలోది 75. "చిన్నది". ఇప్పుడు 51 నుంచి 74, 24 నంబర్లు. మధ్యలోది 62, "పెద్దది", 63 నుంచి 74, 12 మిగిలాయి. 68, "పెద్దది", 69 నుంచి 74, ఆరు. 71, "పెద్దది", 72 73 74, మూడు. మధ్యలోది 73, "అదే". ఆరు గెస్‌లు. ఇక్కడ చూడాల్సింది మిగిలిన లెక్క: 100, 50, 24, 12, 6, 3. మీరు నంబర్‌ని వెతకట్లేదు నిజానికి, అది ఉండలేని చోట్లని తీసేసుకుంటూ పోతున్నారు.

ఇంకోటి గమనించారా, 75 తర్వాత రేంజ్ 51 నుంచి 74 అన్నాను, 75 దాకా అనలేదు. 75 కాదని తేలిపోయింది కదా, దాన్ని మళ్లీ లోపల ఉంచుకోవడం ఎందుకు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కోడ్ రాసేటప్పుడు సగంమంది ఇక్కడే పడతారు, దాని దగ్గరికి వస్తాను.

100కి గరిష్ఠంగా ఎన్ని గెస్‌లు కావాలి? దీన్ని రివర్స్‌లో ఆలోచిస్తే ఈజీ. ఒక గెస్‌తో ఖచ్చితంగా పట్టుకోగలిగేది ఒక్క నంబర్ ఉన్నప్పుడే. రెండు గెస్‌లుంటే మూడు నంబర్లు, మధ్యలోది అడిగి అది కాకపోతే అటో ఇటో ఒక్కటే మిగులుతుంది. మూడు గెస్‌లకి 7, ఇటు మూడు అటు మూడు మధ్యలో ఒకటి. అలా 15, 31, 63, 127. అంటే 7 గెస్‌లకి 127 నంబర్ల దాకా వస్తాయి, 100 అందులోనే ఉంది కాబట్టి ఎంత దురదృష్టవంతుడైనా ఏడో గెస్‌లో పట్టుకోవాల్సిందే. ఎనిమిదోది అవసరమైందంటే మీరు ఎక్కడో మధ్యలోది వదిలేసి వేరేది అడిగారు, లేదా అవతలి వాళ్లు మధ్యలో నంబర్ మార్చేశారు. 1000 నంబర్లకి 10 గెస్‌లు చాలు, 10 లక్షలకి 20, 100 కోట్లకి 30. లిస్ట్ రెట్టింపైతే ఒక్క గెస్ పెరుగుతుంది, అంతే.

ఇప్పుడు చీటీలతో

ఆటలో మనం వెతికింది మనసులో ఉన్న నంబర్‌ని. ప్రోగ్రామ్‌లో వెతికేది ఒక లిస్ట్‌లో. ఈ రెండిటికీ మధ్య ఉన్న తేడా తెలియాలంటే 11 చీటీలు చేసుకోండి, నేను నిజంగానే చెప్తున్నా, స్క్రీన్ మీద చదివితే అర్థమైనట్టే ఉంటుంది గానీ చేత్తో ఒకసారి చేస్తే ఇక మర్చిపోరు. చీటీల మీద ఈ నంబర్లు రాయండి: 7, 11, 15, 29, 34, 42, 50, 63, 76, 88, 91. ఇదే వరుసలో, ఎడమ నుంచి కుడికి, రాసిన వైపు కిందకి బోర్లించి పెట్టండి. చీటీల కింద టేబుల్ మీద 0 నుంచి 10 దాకా స్థానాలు చాక్‌పీస్‌తో రాసుకుంటే ఇంకా మంచిది. స్థానం వేరు, చీటీలో ఉన్న విలువ వేరు, ఇది కలిపేసుకోవద్దు. ఆటలో 50 అని అడిగితే 50 అనేదే విలువ, ఇక్కడ మనం "5వ స్థానంలో ఏముంది" అని అడుగుతాం, అక్కడున్న విలువని చూసి ఎటెళ్లాలో నిర్ణయించుకుంటాం.

34 వెతుకుదాం. ఎడమ చివర 0, కుడి చివర 10, కలిపి సగం చేస్తే 5. ఐదో స్థానం చీటీ తిప్పండి, 42. మనకి కావాల్సిన 34 దానికంటే చిన్నది, కాబట్టి 42తో పాటు 6 నుంచి 10 దాకా ఉన్న ఐదు చీటీలూ పక్కకి తీసేయండి, ఆ ఐదింటినీ తిప్పి చూడకుండానే. ఇప్పుడు 0 నుంచి 4. మధ్య 2, తిప్పితే 15. 34 పెద్దది, సో 0, 1, 2 పోయాయి. 3 నుంచి 4. కలిపితే 7, సగం మూడున్నర, మనం కింది అంకె తీసుకుంటాం, 3. తిప్పితే 29, ఇంకా పెద్దది కావాలి. మిగిలింది 4 ఒక్కటే, తిప్పితే 34. నాలుగు చీటీలు తిప్పాం, ఏడు చీటీలు తిప్పకుండానే తీసేశాం.

లేని నంబర్‌ని కూడా వెతికి చూడండి, 60 అనుకుందాం. 5లో 42, పెద్దది కావాలి, 6 నుంచి 10. మధ్య 8లో 76, చిన్నది కావాలి, 6 నుంచి 7. మధ్య 6లో 50, పెద్దది కావాలి, 7 ఒక్కటే. అందులో 63, చిన్నది కావాలి, సో కుడి చివర 6కి వచ్చేసింది, ఎడమ చివర 7లో ఉంది. ఎడమది కుడిదాన్ని దాటేసిందంటే మధ్యలో చీటీలు అయిపోయాయని అర్థం, 60 లేదు. అంతేకాదు, ఎడమ చివర ఆగిన 7వ స్థానం ఉంది చూశారూ, 60ని లిస్ట్‌లో పెట్టాలంటే సరిగ్గా పెట్టాల్సిన చోటు అదే, 50కి తర్వాత 63కి ముందు. ఇది ఫ్రీగా వచ్చే లాభం.

ఇప్పుడు చేతులతో చేసిందే కోడ్‌లో:

```python
def search(a, x):
    lo, hi = 0, len(a) - 1
    while lo <= hi:
        mid = (lo + hi) // 2
        if a[mid] == x:
            return mid
        if a[mid] < x:
            lo = mid + 1
        else:
            hi = mid - 1
    return -1
```

`lo` ఎడమ చివర, `hi` కుడి చివర, `mid` తిప్పే చీటీ. దొరికితే స్థానం ఇస్తుంది, లేకపోతే -1. పైథాన్ తెలియకపోయినా పైన చీటీలతో చేసింది గుర్తుంటే లైన్ లైన్ చదవగలరు.

తప్పులు ఎక్కడ వస్తాయంటే, ఒకటి `while lo <= hi` దగ్గర `<=` బదులు `<` పెట్టేయడం. పైన 34 వెతికినప్పుడు ఆఖర్లో 4 ఒక్కటే మిగిలింది గుర్తుందా, అప్పుడు `lo` కూడా 4, `hi` కూడా 4. `<` అని రాస్తే లూప్ అక్కడే ఆగిపోయి, చేతిలో ఉన్న ఆఖరి చీటీ తిప్పకుండానే "లేదు" అంటుంది. అన్ని నంబర్లకీ ఇలా అవ్వదు, 42కీ 15కీ బాగానే దొరుకుతుంది, అందుకే టెస్ట్‌లో తప్పించుకుంటుంది.

రెండోది `lo = mid + 1` బదులు `lo = mid` అని రాయడం. అదే నేను పైన 75 గురించి చెప్పింది, కాదని తేలినదాన్ని మళ్లీ లోపల ఉంచుకోవడం. 91 వెతకండి ఇలా: మధ్య 5, `lo` 5 అయింది, తర్వాత మధ్య 7, తర్వాత 8, తర్వాత 9. ఇప్పుడు `lo` 9, `hi` 10, కలిపితే 19, సగం కింది అంకె 9. మళ్లీ `lo` 9. మళ్లీ 9. ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం 88 అనే చీటీనే జీవితాంతం తిప్పుతూ ఉంటుంది. ప్రోగ్రామ్ హ్యాంగ్ అయిందంటే ముందు చూడాల్సింది ఈ `+ 1`, `- 1` లే.

మూడోది పైథాన్‌లో రాదు గానీ జావా, సీ లాంటి వాటిల్లో వస్తుంది. `lo + hi` కలిపినప్పుడు 32 బిట్ ఇంటీజర్ పరిమితి 2147483647 దాటిందంటే మొత్తం నెగటివ్ అయిపోతుంది. జావా సొంత లైబ్రరీలోనే ఈ తప్పు ఏళ్ల తరబడి ఉండిపోయింది, ఆ లైబ్రరీ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో దాని గురించి చెప్పేదాకా ఎక్కువమందికి తెలీదు, ఎందుకంటే వంద కోట్లకి పైగా ఐటమ్స్ ఉన్న లిస్ట్ అయితే తప్ప బయటపడదు. అక్కడ `lo + (hi - lo) / 2` అని రాస్తే సరిపోతుంది. సరే, ఇది పక్కన పెడదాం, అసలు విషయం ఇది కాదు.

చీటీలు కలిపేయండి

అసలు విషయం ఇది. అవే 11 చీటీలు బాగా కలిపేసి మళ్లీ బోర్లించి పెట్టండి. నాకు ఇలా వచ్చాయనుకుందాం: 42, 7, 88, 15, 63, 50, 29, 91, 34, 76, 11. స్థానాలు అవే 0 నుంచి 10. మళ్లీ 34 వెతుకుదాం, అచ్చం ఇందాకటిలాగే.

5లో 50. 34 చిన్నది, కాబట్టి దాంతో పాటు కుడివైపు ఐదూ తీసేశాం. 0 నుంచి 4, మధ్య 2లో 88. చిన్నది కావాలి, 0 నుంచి 1. మధ్య 0లో 42. చిన్నది కావాలి, ఎడమవైపు ఇంకేం లేదు. "34 లేదు". కానీ 34 ఎక్కడుంది? 8వ స్థానంలో, మొదటి చీటీ తిప్పిన వెంటనే మనం చూడకుండా పక్కన పడేసిన ఐదింటిలో ఉంది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మనం ఆ ఐదు చీటీలని ఏ ధైర్యంతో పడేశాం? 50 అనే ఒక్క చీటీ చూసి, దాని కుడివైపు ఉన్నవన్నీ 50 లేదా అంతకంటే పెద్దవే అయి ఉంటాయని నమ్మాం. ఒక్కదాన్ని చూసి ఐదింటి గురించి తీర్పు ఇచ్చేశాం. చీటీలు చిన్న నుంచి పెద్దకి వరుసలో ఉన్నప్పుడు ఆ నమ్మకం నిజం, ఎందుకంటే 42 కుడివైపున్నది 50, దాని కుడివైపుది 63, అలా ఒకదాన్ని పట్టుకుని ఒకటి పెద్దదవుతూ పోతుంది. కలిపేశాక 50 కుడివైపు 29 ఉంది, 34 ఉంది, 11 కూడా ఉంది. చీటీ మీద 50 అని రాసి ఉండటం దాని ఒక్కదాని సంగతే, పక్కవాటి గురించి అదేమీ చెప్పట్లేదు.

మొదటి ఆటలో మనకి ఈ గొడవ ఎందుకు రాలేదంటే, 1 నుంచి 100 దాకా నంబర్లు పుట్టుకతోనే వరుసలో ఉంటాయి. "50 కంటే పెద్దది" అనగానే 49, 48, 3 అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి, ఎవరూ వాటిని సార్ట్ చేయక్కర్లేదు. అందుకే ఆట ఆడినప్పుడు సార్టింగ్ అనే మాటే గుర్తురాదు, లిస్ట్ దగ్గరికి వచ్చేసరికి ఆ వరుసని మనమే తయారు చేసి పెట్టాలి. బైనరీ సెర్చ్‌కి స్పీడ్ వచ్చేది చూడకుండా తీసేసే వాటి వల్లే, చూడకుండా తీసేసే హక్కు వచ్చేది సార్ట్ వల్ల.

కలిపేసిన లిస్ట్‌లో మిగతా నంబర్లన్నీ కూడా ఒక్కొక్కటిగా వెతికి చూడండి, ఓపికుంటే. నేను చూశా: 50 దొరుకుతుంది, మొదటి చీటీయే కాబట్టి. 42 దొరుకుతుంది, 76 దొరుకుతుంది. మిగతా ఎనిమిదీ దొరకవు. 11లో 3 దొరకడమే ఇక్కడ అసలు ప్రమాదం, ఒక్కటీ దొరక్కపోతే వెంటనే అనుమానం వస్తుంది. మీరు టెస్ట్ చేద్దామని 76 ఇచ్చారు, దొరికింది, పర్లేదు పనిచేస్తోంది అనుకుని ముందుకెళ్లిపోతారు. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ క్రాష్ అవ్వదు, మర్యాదగా -1 ఇస్తుంది. -1 అంటే "లేదు" అని మీరే అర్థం పెట్టుకున్నారు కాబట్టి అది అబద్ధమని ఎవరికీ తెలీదు. ఒక మంచి మాట ఏంటంటే తప్పు ఒకవైపే వస్తుంది: దొరికింది అని చెప్తే అది నిజమే, ఎందుకంటే చీటీ తిప్పి పోల్చాకే చెప్పింది. లేదు అంటే మాత్రం నమ్మలేం.

దాదాపు సార్ట్ అయింది అంటే కుదరదు

"మొత్తం కలిసిపోలేదు, ఒకటి రెండు అటూ ఇటూ అయ్యాయి అంతే" అని అనుకునేవాళ్లకి ఇంకో ప్రయోగం. చీటీలు మళ్లీ సరిగ్గా వరుసలో పెట్టి, 42నీ 91నీ మాత్రం చోట్లు మార్చండి. ఇప్పుడు 5లో 91, 10లో 42. మిగతా తొమ్మిదీ ఎక్కడివి అక్కడే. 50 వెతకండి: 5లో 91 వచ్చింది, 50 చిన్నది, కుడివైపంతా పోయింది. 50 తన చోట్లో బుద్ధిగానే ఉంది పాపం, అయినా దొరకదు. 63, 76, 88 కూడా అంతే, 42 కూడా దొరకదు. రెండు చీటీలు మారితే ఐదు నంబర్లు మాయం, ఎందుకంటే తప్పు చీటీ సరిగ్గా మొదట తిప్పే చోట కూర్చుంది.

అదే సరైన వరుసకి ఆఖర్లో 20 అని ఒక కొత్త చీటీ తగిలించారనుకోండి. మొత్తం 12. పాత పదకొండూ ఎప్పటిలాగే దొరుకుతాయి, 20 ఒక్కటే దొరకదు. నిజజీవితంలో ఎక్కువగా జరిగేది ఇదే: లిస్ట్‌ని మొదట్లో సార్ట్ చేస్తారు, తర్వాత ఎక్కడో ఇంకో ఫంక్షన్‌లో `append` చేస్తారు, మళ్లీ సార్ట్ చేయడం మర్చిపోతారు. "పాతవన్నీ వస్తున్నాయి, కొత్తగా ఎక్కించినవి మాత్రం రావట్లేదు" అని ఎవరైనా కంప్లైంట్ చేస్తే వెళ్లి నేరుగా `append` ఎక్కడుందో వెతకండి. దానికి విరుగుడు పైథాన్‌లో రెడీగా ఉంది:

```python
import bisect
bisect.insort(a, 20)
```

ఇది ఇందాక 60కి చోటు కనిపెట్టినట్టే బైనరీ సెర్చ్‌తో చోటు కనిపెట్టి అక్కడే దూరుస్తుంది. కాకపోతే దూర్చడానికి కుడివైపున్నవన్నీ ఒక్కో అడుగు జరగాలి, లిస్ట్ చాలా పెద్దదై క్షణక్షణం కొత్తవి వస్తుంటే అది భారమే.

నేను తిన్న దెబ్బ

సార్ట్ చేశాను, నా కళ్లతో చూశాను, అయినా దొరకట్లేదు అనే పరిస్థితి ఒకటుంది, అది నాకే జరిగింది. ఒక టెక్స్ట్ ఫైల్‌లో నంబర్లున్నాయి, లైన్‌కి ఒకటి. చదివాను, సార్ట్ చేశాను, తర్వాత వాటిని `int`తో నంబర్లుగా మార్చి వెతికాను. 1 నుంచి 12 దాకా ఉన్న చిన్న శాంపిల్‌లో 3, 4, 5, 6 అన్నీ దొరుకుతున్నాయి, 10 మాత్రం లేదంటుంది. గంటన్నర `lo`, `hi` లనే అనుమానించాను, `+ 1` తీసి పెట్టి తీసి పెట్టి విసుగొచ్చింది. చివరికి లిస్ట్‌ని ప్రింట్ చేస్తే ఇలా ఉంది:

```
1, 10, 11, 12, 2, 3, 4, 5, 6, 7, 8, 9
```

ఫైల్ నుంచి వచ్చినవి నంబర్లు కాదు, అక్షరాలు. అక్షరాల్లా సార్ట్ చేస్తే ముందు మొదటి అక్షరాన్నే పోలుస్తుంది, "10"లో మొదటిది "1", అది "2" కంటే ముందు, సో 10, 11, 12 అన్నీ 2కి ముందొచ్చి కూర్చున్నాయి. ఫోల్డర్‌లో ఫైల్ పేర్లు ఒక్కోసారి 1, 10, 2 అని కనిపిస్తాయి కదా, అదే వ్యవహారం. అంటే అది సార్ట్ అయిన లిస్టే, కానీ సార్ట్ చేసిన కొలత వేరు, నేను వెతికే కొలత వేరు.

చేత్తో ఆడి చూడండి. 10 వెతికితే, 5వ స్థానంలో 3, పెద్దది కావాలి, ఎడమవైపంతా పోయింది, 10 అందులోనే ఉంది. 11, 12 కూడా అలాగే పోతాయి. తమాషా ఏంటంటే 2 కూడా దొరకదు: 3 చూసి ఎడమకి వెళ్తుంది, అక్కడ మధ్యలో 11 కనిపిస్తుంది, ఇంకా ఎడమకి వెళ్తుంది, 2 ఏమో 11కి కుడివైపు ఉండిపోయింది. మొత్తం 12లో నాలుగు మాయం, ఎనిమిది దొరుకుతాయి. నేను టెస్ట్ చేసినవి ఆ ఎనిమిదిలోవే.

సో సార్ట్ అయి ఉండాలి అంటే ఏదో ఒక వరుసలో ఉండాలని కాదు, వెతికేటప్పుడు మీరు ఏ "చిన్నది, పెద్దది" వాడుతున్నారో అదే లెక్కలో వరుస ఉండాలి. ముందు `int` చేసి తర్వాత సార్ట్ చేస్తే నా గొడవ ఒక్క లైన్‌లో తీరిపోయింది. ఇదే ఇంగ్లిష్ పేర్ల లిస్ట్‌లో ఇంకో వేషంలో వస్తుంది, కంప్యూటర్ మామూలుగా పోల్చినప్పుడు పెద్ద బడి అక్షరాలన్నీ చిన్న బడి అక్షరాల కంటే ముందు వస్తాయి, `Z` కూడా `a` కంటే ముందే. పెద్ద బడి, చిన్న బడి తేడా పట్టించుకోకుండా సార్ట్ చేసి, పట్టించుకుంటూ వెతికితే కొన్ని పేర్లు మాయమైపోతాయి. పెద్ద నుంచి చిన్నకి సార్ట్ చేసిన లిస్ట్ అయినా ఫర్వాలేదు, దానిలోనూ బైనరీ సెర్చ్ చక్కగా పనిచేస్తుంది, కోడ్‌లో `a[mid]`ని `x`తో పోల్చే చోట `<` ని `>` చేయాలి అంతే.

అనుమానమొస్తే వరుస సరిగ్గా ఉందో లేదో చూడటం పెద్ద పనేం కాదు, పక్కపక్కన ఉన్న జంటలన్నీ చూస్తే చాలు:

```python
ok = all(a[i] <= a[i+1] for i in range(len(a) - 1))
```

మరి ఈ చెక్ సెర్చ్ ఫంక్షన్ లోపలే పెట్టేస్తే పోలా అనిపిస్తుంది. పెట్టకండి. ఈ చెక్ లిస్ట్ మొత్తం ఒకసారి తిరుగుతుంది, 10 లక్షల ఐటమ్స్ ఉంటే 10 లక్షల పోలికలు, 20 పోలికల్లో అయ్యే పనికి కాపలాగా 10 లక్షలు పెట్టినట్టవుతుంది. అందుకే రెడీమేడ్ లైబ్రరీలు కూడా చెక్ చేయవు, సార్ట్ అయిందని మీ మాట నమ్మి పని మొదలుపెడతాయి. లిస్ట్ లోడ్ అయిన దగ్గర ఒక్కసారి చెక్ చేయండి, లేదా టెస్టుల్లో పెట్టండి.

అయితే ప్రతిసారీ సార్ట్ చేసి వెతకాలా?

అక్కర్లేదు, ఇది చాలామంది అడగరు గానీ అడగాలి. కలిసిపోయిన లిస్ట్‌లో ఒకే ఒక్కసారి వెతకాలంటే మొదటి నుంచి ఒక్కొక్కటి చూసుకుంటూ పోవడమే బెటర్. 10 లక్షల ఐటమ్స్‌లో అలా చూస్తే, ఉన్న ఐటమ్ సగటున సగం దూరంలో దొరుకుతుంది, అంటే 5 లక్షల పోలికలు. సార్ట్ చేయడానికి సుమారు 10 లక్షలు ఇంటూ 20, అంటే 2 కోట్ల దాకా పోలికలు పడతాయి, ఆ తర్వాత వెతకడానికి 20. ఒక్కసారి వెతకడానికి 2 కోట్లు ఎవరు ఖర్చుపెడతారు? అదే 40 సార్లు వెతికితే రెండు లెక్కలూ ఇంచుమించు సమానం అవుతాయి, వెయ్యి సార్లు వెతికితే సార్ట్ చేసినవాడు 2 కోట్ల చిల్లరలో ఉంటాడు, చేయనివాడు 50 కోట్లలో ఉంటాడు. ఇది కాగితం మీద లెక్కే, మెషీన్ మీద కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కానీ ఎటు మొగ్గాలో తెలుస్తుంది. ఘోరమైన పద్ధతి ఏంటంటే సెర్చ్ ఫంక్షన్ లోపలే మొదటి లైన్‌లో సార్ట్ పెట్టి దాన్ని లూప్‌లో పిలవడం, నేను ఇతరుల కోడ్‌లో ఇది ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను.

ఒకే నంబర్ చాలాసార్లు ఉంటే పై కోడ్ వాటిలో ఏదో ఒకటి ఇస్తుంది, మొదటిదే ఇస్తుందని గ్యారంటీ లేదు. మొదటిదే కావాలంటే `bisect.bisect_left(a, x)` వాడండి, కాకపోతే అది "ఉందా లేదా" చెప్పదు, చోటు మాత్రమే చెప్తుంది, ఆ చోటు లిస్ట్ చివర దాటలేదు కదా, అక్కడ నిజంగా `x` ఉందా అని మీరే చూసుకోవాలి.

ఇక మీరు రాసిన కోడ్‌ని ఎలా పరీక్షించాలంటే, మధ్యలో ఉన్న ఏదో ఒక నంబర్ ఇచ్చి దొరికింది అని వదిలేయకండి. లిస్ట్‌లో ఉన్న ప్రతి నంబర్‌నీ వరుసగా వెతికించండి, 11 నంబర్లుంటే 11 సార్లు, ప్రతిసారీ సరైన స్థానం రావాలి. తర్వాత లేనివి: అన్నిటికంటే చిన్నది 3, అన్నిటికంటే పెద్దది 99, మధ్యలో పడే 60. తర్వాత ఖాళీ లిస్ట్, ఒక్క ఐటమ్ లిస్ట్, రెండు ఐటమ్స్ లిస్ట్. `lo = mid` తప్పు రెండు ఐటమ్స్ లిస్ట్‌లో రెండోది వెతికితే వెంటనే హ్యాంగ్ అయి దొరికిపోతుంది, `<` తప్పు ఒక్క ఐటమ్ లిస్ట్‌లో ఆ ఒక్కటీ వెతికితే దొరికిపోతుంది. ఇవన్నీ పాసయ్యాక కూడా అసలు డేటాతో ఏదో దొరకట్లేదంటే కోడ్ వదిలేసి లిస్ట్‌లో మొదటి 20 ఐటమ్స్ ప్రింట్ చేయండి, 1 తర్వాత 10 కనిపిస్తుందేమో చూడండి.